ఇందులో నీ చేత్తో చేసింది ఏదమ్మా?

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సెమిస్టర్‌లో ఉన్న భీమవరం వైపు అమ్మాయి ఒకరిని ఊహించుకుందాం. సింగపూర్‌లోని ఒక విశ్వవిద్యాలయ ల్యాబులో రిసెర్చ్ అసిస్టెంట్ కావాలన్న ప్రకటన ఆమె కంటపడింది. చేపలకూ రొయ్యలకూ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాను ఫేజ్‌లతో అదుపు చేయడం మీద అక్కడ పని జరుగుతోంది. ఫేజ్ అంటే బ్యాక్టీరియాను మాత్రమే పట్టి చంపే వైరస్. ఈ అమ్మాయి ప్రాజెక్టు కూడా దాదాపు అదే. రొయ్యల చెరువు నీళ్లలోంచి అలాంటి ఫేజ్‌ను పట్టుకుంది. దరఖాస్తుకు రెజ్యూమె, మార్కుల మెమోలు, ఇద్దరు రెఫరీల పేర్లు, ఒక పేజీ కవర్ లెటర్ అడిగారు. మొదటి మూడూ ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతాయి. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి మంచి మార్కులున్న పిల్లలు కూడా తడబడతారు.

తడబాటుకు ముఖ్య కారణం, ఆ ఉద్యోగం ఏమిటో సరిగా తెలియకపోవడం. రిసెర్చ్ అసిస్టెంట్ అన్న పేరు ఒక్కో దేశంలో ఒక్కో అర్థంలో వాడతారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా, అక్కడే ఎంఎస్ లేదా పీహెచ్‌డీ చదువుతున్నవాళ్లకు ప్రొఫెసర్ ఇచ్చే జీతపు పనిని అలా అంటారు. అడ్మిషన్ లేకుండా ఇక్కడి నుంచి ఆ పనికి రాయడంలో పెద్దగా అర్థం లేదు. జర్మనీలో ‘హీవీ’ అని పిలుచుకునే విద్యార్థి సహాయకుల పని కూడా సాధారణంగా అక్కడ పేరు నమోదైన విద్యార్థులకే ఇస్తారు. సింగపూర్‌లో సంగతి వేరు. అక్కడ డిగ్రీ పూర్తయినవాళ్లను ప్రాజెక్టు నిధుల మీద, ఏడాదికో రెండేళ్లకో కాంట్రాక్టు పద్ధతిలో ఉద్యోగంలోకి తీసుకుంటారు. అది స్కాలర్‌షిప్ కాదు, అడ్మిషన్ కాదు. ప్రొఫెసర్‌కు ఒక పరిశోధన గ్రాంటు వచ్చింది, దానికి గడువుంది, ఆ గడువులోపల చేయాల్సిన ప్రయోగాలున్నాయి, వాటికి చేతులు కావాలి. ఆయనో ఆవిడో ఉత్తరం చదివేటప్పుడు వెతికేది ఆ చేతుల కోసమే.

మన పిల్లలు రాసేది మాత్రం వేరే ఉత్తరం. ఎంఎస్ అడ్మిషన్లకోసం రాసిపెట్టుకున్న స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను కాస్త కుదించి, పైన తేదీ వేసి పంపుతారు. అది రాసేది మీరు ఎక్కడికి చేరాలనుకుంటున్నారో చెప్పడానికి. కవర్ లెటర్‌లో చెప్పాల్సింది, వాళ్ల పనిలో ఏ ముక్కను మీరు అందుకోగలరో. ఈ తేడా పట్టుకోకపోతే భాష ఎంత బాగున్నా ఉత్తరం గురి తప్పుతుంది.

మన అమ్మాయి మొదటి చిత్తు ఇలా ఉందనుకుందాం. ఉత్తరం ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది, దాని సారాన్ని ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

“గౌరవనీయులైన సార్, చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ప్రాణం. ప్రపంచ ప్రసిద్ధమైన మీ ల్యాబులో పనిచేయడం నా కల. నేను కష్టపడే స్వభావం కలదాన్ని, త్వరగా నేర్చుకుంటాను, బృందంలో కలిసి పనిచేస్తాను. నాకు పీసీఆర్, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, ఎలైసా, సెల్ కల్చర్, హెచ్‌పీఎల్‌సీ, బయోఇన్ఫర్మేటిక్స్‌లో ప్రావీణ్యం ఉంది. నా ప్రాజెక్టులో రొయ్యల్లో ఈఎంఎస్ జబ్బు కలిగించే బ్యాక్టీరియాను చంపే ఫేజ్‌ను కనుగొన్నాను. దయచేసి నాకు ఏదైనా అవకాశం ఇవ్వగలరు.”

ఇందులో ప్రతి వాక్యం వెనకా మంచి మనసే ఉంది. కానీ చదివే మనిషికి దీనిలో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మొదటి మూడు వాక్యాలు ఏ ల్యాబుకైనా, ఎవరైనా రాయొచ్చు. నాలుగో వాక్యంలోని జాబితా అనుమానం పుట్టిస్తుంది, ఎందుకంటే ఎమ్మెస్సీ రెండేళ్లలో ఆరు రకాల పద్ధతుల్లో ప్రావీణ్యం ఎవరికీ రాదు. ఐదో వాక్యం అన్నిటికంటే ప్రమాదకరం, దాని సంగతి తర్వాత చెప్తాను. చివరి వాక్యంలో ‘ఏదైనా’ అన్న మాట, ప్రకటనలో అడిగిన పని ఏమిటో చూడలేదన్న భావం కలిగిస్తుంది. పైగా ఆ ల్యాబు పెద్ద మహిళ అయితే ‘సార్’ అన్న తొలి మాట దగ్గరే ఉత్తరం విలువ సగం పోతుంది.

ఈ చిత్తును ఆమె తన గైడ్‌కు చూపించింది. ఇలాంటివి చాలా చూసిన గైడ్ ఒకే ప్రశ్న వేస్తారు.

“ఇందులో నీ చేత్తో చేసింది ఏదమ్మా?”

“చెరువు నీళ్లు తేవడం, ప్లేట్లు వేయడం, ఫేజ్ లెక్కపెట్టడం అన్నీ నేనే చేశాను మేడమ్. పీసీఆర్ మాత్రం బయట ల్యాబులో డబ్బు కట్టి చేయించాం.”

“మరి పీసీఆర్‌లో ప్రావీణ్యం ఉందని రాశావే? ప్లేట్ల గురించి ఒక్క ముక్క రాయలేదే?”

ఉత్తరం నిజంగా మొదలయ్యేది ఇక్కడే. వినడానికి గొప్పగా ఉండే పద్ధతుల పేర్లు ముందుకొచ్చి, ఆరు నెలలు చేత్తో చేసిన పని కనిపించకుండా పోయింది. ఆ పని నేలబారుగా అనిపించి వదిలేస్తారు. ఫేజ్ ల్యాబుకు కావలసింది సరిగ్గా ఆ నేలబారు పనే.

అదేమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. చెరువు నీటిని 0.22 మైక్రాన్ల రంధ్రాలున్న ఫిల్టర్ గుండా పంపుతారు. బ్యాక్టీరియా పైనే ఆగిపోతుంది, అంతకంటే చాలా చిన్నవైన ఫేజ్‌లు కిందికి దిగుతాయి. ఆ నీటికి చెరువులోంచి వేరుచేసిన విబ్రియో బ్యాక్టీరియాను కలిపి ఒక రాత్రి పెంచుతారు. దానికి తగిన ఫేజ్ ఉంటే ఈలోగా అది సంఖ్యలో పెరుగుతుంది. మళ్లీ ఫిల్టర్ చేసి, తాజా బ్యాక్టీరియాతో, గోరువెచ్చగా ఉన్న పలుచటి అగార్‌తో కలిపి ప్లేటు మీద పోస్తారు. మర్నాటికి ప్లేటంతా బ్యాక్టీరియా తెల్లటి పొరలా పరుచుకుంటుంది. ఫేజ్ ఉన్నచోట మాత్రం బ్యాక్టీరియా చచ్చి, పొరలో గుండ్రటి ఖాళీలు పడతాయి. వాటిని ప్లాక్‌లు అంటారు. ఒక్కో ప్లాక్ ఒక్కో ఫేజ్‌తో మొదలైనట్టు లెక్క. ద్రవాన్ని పది లక్షల రెట్లు పలుచన చేసి, అందులో 0.1 మిల్లీలీటరు పోసిన ప్లేటు మీద 84 ప్లాక్‌లు వచ్చాయనుకోండి, అసలు ద్రవంలో మిల్లీలీటరుకు 84 కోట్ల ఫేజ్‌లు ఉన్నట్టు.

మన అమ్మాయికి మొదట్లో ప్లేట్ల మీద పొరే సరిగా పరుచుకోలేదు. అక్కడక్కడా పలచగా, అతుకులు అతుకులుగా వచ్చేది. పొర లేకపోతే ప్లాక్‌లు కనిపించవు. విబ్రియో ఉప్పునీటి బ్యాక్టీరియా. మామూలు అగార్‌లో ఉండే కాస్త ఉప్పు దానికి చాలదు. ఉప్పును 2 శాతానికి పెంచాక పొర చక్కగా వచ్చింది. ఇది థీసిస్‌లో ఒక వాక్యం, ల్యాబు నోటుబుక్కులో రెండు వారాల పని. కవర్ లెటర్‌లో దీన్ని రాయొచ్చా అంటే, తప్పకుండా రాయాలి. ‘త్వరగా నేర్చుకుంటాను’ అని చెప్పుకోవడంకంటే, ప్రయోగం ఎక్కడ మొరాయించింది, కారణం ఎలా కనిపెట్టాను, ఏం మార్చాను అని ఒక్క వాక్యం రాస్తే, చదివేవాళ్లు ఆ మాట తమంతట తామే అనుకుంటారు. ఆ పని చేయని మనిషి ఆ వాక్యం రాయలేదని కూడా వాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఆ ఐదో వాక్యం సంగతి. ‘ఈఎంఎస్ కలిగించే బ్యాక్టీరియాను చంపే ఫేజ్‌ను కనుగొన్నాను’ అని రాసింది. రొయ్యల రైతులు ఈఎంఎస్ అని పిలిచే జబ్బు పిల్ల వేసిన తొలి నెలరోజుల్లోనే చెరువును తుడిచిపెట్టేయగలదు. దానికి ముఖ్య కారణం విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా. కానీ ఆ జాతి బ్యాక్టీరియా అంతా ఈ జబ్బు తేదు. పిర్-ఎ, పిర్-బి అనే రెండు విషపు ప్రొటీన్ల జన్యువులున్న ప్లాస్మిడ్‌ను మోస్తున్న రకాలే తెస్తాయి. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియా అసలు క్రోమోజోమ్‌కు బయట విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట. తన బ్యాక్టీరియాలో ఆ జన్యువులు ఉన్నాయో లేదో ఈ అమ్మాయి పరీక్షించలేదు. బయటి ల్యాబులో చేయించిన పీసీఆర్ ఆ బ్యాక్టీరియా జాతి ఏమిటో చెప్పింది, అంతవరకే. అంటే ఆమె చేతిలో ఉన్నది, భీమవరం చెరువులో దొరికిన ఒక విబ్రియోను చంపే ఫేజ్. ఈఎంఎస్‌తో దానికి సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఈ రంగంలో పనిచేసే ప్రొఫెసర్‌కు ఆ వాక్యం చూడగానే వచ్చే మొదటి ప్రశ్న, టాక్సిన్ జన్యువులు చూశారా అని. చూడలేదన్న జవాబు ఇంటర్వ్యూలో వస్తే ఉత్తరంలోని మిగతా మాటల మీద కూడా నమ్మకం సడలుతుంది. అదే మాట ఉత్తరంలో ముందే రాసేస్తే, తన ఫలితం ఎంతవరకు వెళ్తుందో ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషని అర్థమవుతుంది. మన చదువుల్లో ప్రాజెక్టు అంటే ‘విజయవంతంగా పూర్తి చేశాను’ అని రాయడం అలవాటైపోయింది. వైవాలో పూర్తికాని ముక్కను దాచుకోవడం నేర్పాం. పరిశోధన ల్యాబులో పూర్తికాని ముక్కే మర్నాటి పని. దాన్ని దాచే మనిషితో పనిచేయడం అక్కడివాళ్లకు భయం, ఎందుకంటే దాచిన తప్పుమీద ఇంకో ఆరు నెలల ప్రయోగాలు నిలబడతాయి.

ఇక ‘మీ ల్యాబులో పనిచేయడం నా కల’ అన్న వాక్యం స్థానంలో ఏం రావాలి? ఆ ల్యాబు చేసిన ఒక పనికీ మీరు చూసిన ఒక విషయానికీ ఉన్న ముడి రావాలి. దీనికి వాళ్ల పేపర్లన్నీ చదవనక్కర్లేదు. ప్రకటనలోని ప్రాజెక్టుకు దగ్గరగా ఉన్న ఒక పేపరు తీసుకుని నిదానంగా చదవాలి. సారాంశం ఒక్కటీ చదివితే చాలదు, అందులో ఉన్నది అందరికీ తెలుస్తుంది. వాళ్లు ఏ పద్ధతి వాడారో, ఏ బొమ్మలో ఏ ఫలితం చూపించారో, చివర్లో దేన్ని ఇంకా తేల్చలేదని ఒప్పుకున్నారో చూడాలి. చాలామంది చేసే పొరపాటు, పేపరు శీర్షికను ఉత్తరంలోకి ఎత్తి రాసి ‘నన్ను ఎంతో ఆకట్టుకుంది’ అనడం. అది చదివినట్టు రుజువు కాదు. శీర్షిక అతికించిన చోట అక్షరాల సైజు మారిపోయి, మిగతా ఉత్తరం అంతా పది ల్యాబులకు వెళ్లిన నకలని ఇట్టే తెలిసిపోతుంది కూడా.

మన అమ్మాయి ఎంచుకున్న పేపరు, ఫేజ్‌కు లొంగని బ్యాక్టీరియా గురించి అనుకుందాం. ఫేజ్ చికిత్సలో ఇది నిజంగా పెద్ద చిక్కు. కోట్ల సంఖ్యలో ఉన్న బ్యాక్టీరియాలో ఏ కొన్నిటిలోనో మార్పు వచ్చి, ఫేజ్ అతుక్కునే చోటు లేకుండా పోతుంది. మిగతావి చచ్చాక అవే పెరుగుతాయి. ఆ పేపరు చదువుతుంటే ఆమెకు తన ప్లేటు ఒకటి గుర్తొచ్చింది. మర్నాడు చూసినప్పుడు తేటగా ఉన్న ప్లాక్‌ల నడుమ, ఇంకో రోజు ఇంక్యుబేటర్‌లో ఉంచాక ఆవగింజంతైనా లేని చిన్న చిన్న కాలనీలు మొలిచాయి. బయటి నుంచి వేరే బ్యాక్టీరియా పడిందనుకుని ఆ ప్లేటును పారేయబోయింది. అయినా ఒక కాలనీ తీసుకుని, విబ్రియోకోసం వాడే టీసీబీఎస్ అగార్ మీద గీసి చూసింది. అసలు బ్యాక్టీరియాలాగే పచ్చటి కాలనీలు వచ్చాయి. దాని మీద అదే ఫేజ్‌ను చుక్కలా వేస్తే ఖాళీ పడలేదు.

ఉత్తరానికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. థీసిస్‌లో దీనికి చోటు లేదు, ఎందుకంటే అది ప్రాజెక్టు లక్ష్యాల్లో లేదు. కానీ ఆ ల్యాబు అడుగుతున్న ప్రశ్న సరిగ్గా ఇదే. ఇక్కడా కొంచెం జాగ్రత్త కావాలి. ‘ఫేజ్‌కు లొంగని విబ్రియోను కనుగొన్నాను’ అనకూడదు. పచ్చటి కాలనీ వచ్చినంత మాత్రాన అదే బ్యాక్టీరియా అని తేలిపోదు, వేరే విబ్రియోలు కూడా ఆ అగార్ మీద పచ్చగా వస్తాయి. ఆమె ఒకే కాలనీ చూసింది, దాన్ని మళ్లీ మళ్లీ గీసి శుద్ధి చేయలేదు. చూసినదాన్ని చూసినట్టు రాసి, ఇంకా నిర్ధారించలేదని కలిపితే సరిపోతుంది.

‘మేము’, ‘నేను’ అన్న మాటల దగ్గర కూడా చాలామంది పట్టు తప్పుతారు. మన దగ్గర ప్రాజెక్టులు ముగ్గురు నలుగురు కలిసి చేస్తారు. అంతా నేనే చేశానని రాయడం తోటివాళ్లకు అన్యాయం. అంతా ‘మేము చేశాం’ అని రాస్తే మీ వాటా ఎంతో తెలియదు. ‘ముగ్గురం చేసిన ప్రాజెక్టు. బ్యాక్టీరియాను వేరుచేసింది నా సహాధ్యాయి, ఫేజ్ పని నాది’ అంటే అయిపోయింది. ఇంకో ఇబ్బందికర పరిస్థితి కూడా ఉంది. కాలేజీలో సౌకర్యాలు లేక చాలామంది పిల్లలు డబ్బు కట్టి ప్రైవేటు ల్యాబుల్లో ప్రాజెక్టు చేస్తారు. కొన్ని చోట్ల నిజంగా పని నేర్పుతారు. మరికొన్ని చోట్ల టెక్నీషియన్ చేస్తుంటే పదిమంది చుట్టూ నిలబడి చూస్తారు, చివర్లో బైండు చేసిన రిపోర్టు చేతికొస్తుంది. రెండోదాన్ని మొదటిదానిలా రాస్తే ఇంటర్వ్యూలో నిలబడదు. ‘కంట్రోల్ ప్లేటులో ఏం వచ్చింది?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. ఫేజ్ వేయకుండా బ్యాక్టీరియా మాత్రమే పోసిన ప్లేటు అది. పొరలో ఖాళీలు గాలిబుడగల వల్ల వచ్చాయా ఫేజ్ వల్ల వచ్చాయా అన్నది దాన్ని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. చేసినవాళ్లు తడుముకోకుండా చెప్తారు. చూసినవాళ్లు ‘బానే వచ్చింది’ అంటారు. అలా చూసి మాత్రమే వచ్చిన పిల్లలకు నా సలహా ఒక్కటే: ప్రాజెక్టును ఒక వాక్యంతో సరిపెట్టి, కోర్సు ప్రాక్టికల్స్‌లో చేత్తో చేసిన ఒక ప్రయోగాన్ని, చిన్నదైనా, వివరంగా రాయండి.

తిరగరాసిన ఉత్తరం ఇలా వస్తుంది.

“డాక్టర్ లిమ్ గారికి, మీ ఆక్వాకల్చర్ ఫేజ్ ప్రాజెక్టులో రిసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సెమిస్టర్ విద్యార్థిని. నా పరీక్షలు మే నెలలో ముగుస్తాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ జూలైలో వస్తుందని అనుకుంటున్నాను. ఆగస్టు నుంచి చేరగలను.

నా ప్రాజెక్టులో భీమవరం దగ్గరి వనామి రొయ్యల చెరువు నీటి నుంచి, విబ్రియో పారాహీమోలిటికస్‌ను చంపే ఒక ఫేజ్‌ను వేరుచేశాను. నీటి సేకరణ, ఫిల్టరేషన్, డబుల్ అగార్ పద్ధతి, ప్లాక్‌ల శుద్ధి, లెక్కింపు నేనే చేశాను. మొదట్లో బ్యాక్టీరియా పొర సరిగా రాలేదు. అగార్‌లో ఉప్పును 2 శాతానికి పెంచాక సమస్య తీరింది. ఫేజ్ సాంద్రత మిల్లీలీటరుకు 84 కోట్లకు చేరింది. చెరువుల నుంచి సేకరించిన 12 విబ్రియోల మీద పరీక్షిస్తే 5 లొంగాయి. బ్యాక్టీరియా జాతిని గుర్తించే పీసీఆర్ బయటి ల్యాబులో చేయించాం. పిర్-ఎ, పిర్-బి జన్యువుల కోసం పరీక్షించలేదు కాబట్టి ఇది ఈఎంఎస్ రకమని చెప్పలేను.

ఫేజ్‌కు లొంగని బ్యాక్టీరియా మీద మీ పేపరు చదివినప్పుడు నా ప్లేట్ల మీద చూసిన ఒక విషయం గుర్తొచ్చింది. రెండో రోజున ప్లాక్‌ల మధ్యలో చిన్న కాలనీలు కనిపించాయి. ఒకదాన్ని తీసి పెంచితే ఆ ఫేజ్ దాన్ని చంపలేదు. కాలనీని శుద్ధి చేయలేదు, సీక్వెన్సింగ్ చేయలేదు కాబట్టి అది అదే బ్యాక్టీరియాలో వచ్చిన మార్పు అని నిర్ధారించలేను. ఆ ప్రశ్నను సరైన పద్ధతుల్లో తేల్చడం నేర్చుకోవాలని ఉంది. మీ ప్రకటనలో అడిగిన పనుల్లో ఫేజ్ వేరుచేయడం, లెక్కించడం వెంటనే చేయగలను. జీనోమ్ సీక్వెన్సింగ్ డేటా విశ్లేషణ నాకు రాదు, నేర్చుకోవాలి.

నా గైడ్, మా విభాగంలోని మరో అధ్యాపకులు రెఫరెన్స్ ఇవ్వడానికి అంగీకరించారు. వారి వివరాలు రెజ్యూమెలో ఉన్నాయి. నేను భారత పౌరురాలిని, నాకు వర్క్ పాస్ అవసరమవుతుంది.”

ఇంతే. ఇంగ్లిష్‌లో ఒక పేజీకి మించదు. ఇందులో ‘ప్రావీణ్యం’ లేదు, ‘కల’ లేదు, ‘ప్రపంచ ప్రసిద్ధి’ లేదు. నాకు రాదు అని ఒప్పుకున్న వాక్యం చూసి చాలామంది తల్లిదండ్రులు, కొందరు అధ్యాపకులు కూడా కంగారుపడతారు. ప్రకటనలో ‘తప్పనిసరి’ అని రాసిన అర్హత మీకు లేకపోతే అసలు దరఖాస్తే వద్దు. ‘ఉంటే మంచిది’ అని రాసినదాని గురించి మాత్రం లేదని చెప్పడంలో నష్టం లేదు. ముందే తెలిస్తే శిక్షణకు ఎన్ని వారాలు పడుతుందో వాళ్లు లెక్క వేసుకుంటారు.

తేదీల గురించి మన విద్యార్థులు ప్రత్యేకంగా ఆలోచించాలి. పరీక్షలు అయిపోయినా ఫలితాలు, ఆ తర్వాత ప్రొవిజనల్ సర్టిఫికెట్ రావడానికి మన విశ్వవిద్యాలయాల్లో నెలలు పట్టొచ్చు. సింగపూర్‌లో వర్క్ పాస్‌కు దరఖాస్తు చేసేది విద్యార్థి కాదు, ఉద్యోగం ఇచ్చే సంస్థ. డిగ్రీ పూర్తయిందన్న రుజువు లేనిదే ఆ పని కదలదు. ‘వెంటనే చేరగలను’ అని ఉత్సాహంగా రాసి, తీరా ఎంపికయ్యాక సర్టిఫికెట్ రాలేదంటే వాళ్ల గ్రాంటు గడువులోంచి ఆ నెలలు పోతాయి. గత బ్యాచ్‌కు సర్టిఫికెట్లు ఎప్పుడొచ్చాయో పరీక్షల విభాగంలో కనుక్కుని, దానికి కొంచెం అదనం కలుపుకుని తేదీ రాయడం మేలు.

పేర్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ మనవాళ్లకు అదొక తలనొప్పి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి ఉంటుంది, మెయిల్ ఐడీలో ముద్దుపేరు ఉంటుంది. ఉత్తరం కింద పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయాలి. సర్టిఫికెట్లలో వేరేగా ఉంటే రెజ్యూమెలో ఒక చిన్న వాక్యంతో చెప్పేస్తే తర్వాత గందరగోళం ఉండదు. అవతలి పేరు విషయంలో మాత్రం మనకు ఒక సౌలభ్యం ఉంది. చైనా మూలాలున్న సింగపూర్ వాసుల పేర్లలో టాన్, లిమ్ లాంటి ఇంటిపేరు సాధారణంగా, మన పేర్లలో లాగే, ముందు వస్తుంది. ‘డాక్టర్’ పక్కన రాయాల్సింది ఆ ఇంటిపేరు. కొందరు ముందు ఇంగ్లిష్ పేరు కూడా పెట్టుకుంటారు కాబట్టి ల్యాబు పేజీలో వాళ్లను ఎలా పేర్కొన్నారో చూసుకోవాలి. ఫొటో చూసి సారో మేడమో ఊహించడంకంటే ‘డాక్టర్’ లేదా ‘ప్రొఫెసర్’ అని రాయడం క్షేమం.

రెఫరీలను ముందే అడగాలి. అడగకుండా పేరు ఇచ్చేస్తే, విదేశం నుంచి వచ్చిన మెయిల్‌ను ఆ అధ్యాపకులు ఎవరిదో ప్రకటన అనుకుని పక్కన పెట్టేసే అవకాశం ఉంది. అడిగేటప్పుడు ఉత్తరం నకలు కూడా వాళ్లకు ఇస్తే, ‘మంచి అమ్మాయి, క్రమశిక్షణ కలది’ అన్న రెండు వాక్యాలకు బదులు ఉప్పు శాతం సంగతి, ఆ చిన్న కాలనీల సంగతి వాళ్లు కూడా రాస్తారు. విద్యార్థి చెప్పినదీ గైడ్ చెప్పినదీ ఒకదానికొకటి ఆనుకున్నప్పుడు నమ్మకం కుదురుతుంది.

ఉత్తరాన్ని, రెజ్యూమెను పీడీఎఫ్‌గా మార్చి, ఫైలు పేరులో మీ పేరు ఉండేలా పంపాలి. ప్రకటనలో ఆన్‌లైన్ ఫారం నింపమంటే ఫారమే నింపాలి, ప్రొఫెసర్‌కు విడిగా మెయిల్ పెట్టి అదే చాలనుకోకూడదు. రెండు వారాలైనా కబురు రాకపోతే రెండు వాక్యాలతో ఒకసారి గుర్తుచేయొచ్చు. అప్పటికీ రాకపోతే ఇంకో ల్యాబు చూసుకోవాలి. ఆ ల్యాబుకు వెళ్లే ఉత్తరంలో ప్రాజెక్టు పేరా దాదాపు అలాగే ఉండొచ్చు గానీ, మూడో పేరా మళ్లీ మొదటి నుంచి రాయాలి. దానికి ముందు వాళ్ల పేపరు చదవాలి.

జవాబు వస్తే సాధారణంగా ముందు వీడియో కాల్‌లో మాట్లాడతారు. ఉత్తరంలో రాసిన ప్రతి వాక్యమూ అక్కడ ఒక ప్రశ్నగా తిరిగొస్తుంది. పన్నెండింటిలో లొంగని ఏడూ ఒకే చెరువువా? ప్లాక్‌ల చుట్టూ మసక వలయం ఉందా, అంచులు తేటగా ఉన్నాయా? ఆ చిన్న కాలనీలున్న ప్లేటు ఫొటో ఉందా? ఇందుకే కాలేజీ వదిలేముందు ల్యాబు నోటుబుక్కు పేజీలన్నీ, ప్లేట్ల ఫొటోలన్నీ తేదీలతో సహా స్కాన్ చేసి దగ్గర పెట్టుకోవాలి. గైడ్ అనుమతితో ఫేజ్ ద్రవం కొంచెం, ఆ కాలనీ నుంచి పెంచిన బ్యాక్టీరియాను గ్లిజరాల్‌లో కలిపి కొంచెం, విభాగంలోని డీప్ ఫ్రీజర్‌లో పేరు రాసి ఉంచితే ఇంకా మంచిది. పిర్-ఎ, పిర్-బి పరీక్ష ఎవరైనా ఎప్పుడైనా చేయాలంటే అవి ఉండాలి కదా.